‘పంప’ దగ్గర ఆగింది

మూడేళ్ల క్రితం మావాడి కాలేజీ ఫీజుకి పిన్నిని యాభై వేలు సర్దమని అడిగాను. రెండో రోజు వాట్సాప్‌లో జవాబొచ్చింది: ‘నువ్వడిగిన డబ్బు రేపు పంప’. అంతే. వేలు బాణం గుర్తు మీద పడిందన్నమాట.

అవసరం నాది కాబట్టి వాక్యం కూడా నాదే అనుకున్నాను. అది ‘పంపనా?’ అయి ఉంటుందని తేల్చేసి, ‘పంపు పిన్నీ, నెల తిరక్కుండా ఇచ్చేస్తా, చాలా థాంక్స్’ అని కొట్టాను. మర్నాడు డబ్బు పడింది. సంక్రాంతికి వెళ్లినప్పుడు బాబాయి మాటల మధ్యలో అసలు సంగతి బయటపెట్టాడు. పిన్ని రాయబోయింది ‘పంపలేను రా’ అని. నా థాంక్స్ చూశాక ఆవిడకి నోరు రాలేదు. గడువు తీరని ఎఫ్‌డీ తీయించి, వడ్డీ కొంత పోగొట్టుకుని పంపింది.

మన భాషలో అవునూ కాదూ, ప్రశ్నా ఆజ్ఞా అన్నీ క్రియ తోకలోనే ఉంటాయి. పంపగలను, పంపలేను, పంపమంటావా, ఇవన్నీ ‘పంప’ దాకా ఒకటే దారి. తెగేదేమో సరిగ్గా ఆ తోకే. మిగిలిన ముక్కలో ఎవరు, ఎప్పుడు, ఎంత అన్నీ కనిపిస్తాయి కనుక విషయం తెలిసిపోయిందన్న భ్రమ కలుగుతుంది. ఆ ఖాళీలో మనం పెట్టేది మన ఆశో, మన భయమో. ‘కుదరకపోతే వద్దులే’ అన్నా అంతే. పంపుదామనుకున్న మనిషి చిన్నబుచ్చుకుంటుంది.

ఇప్పుడు నేను చేసేది ఇది. పైన ‘టైపింగ్’ అని కనిపిస్తుంటే కదలను. కాసేపాగి అదే మెసేజ్‌ని మళ్లీ చూస్తాను. వాట్సాప్‌లో పంపినదాన్ని పదిహేను నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు. దిద్దితే కొత్తగా గంట మోగదు, పక్కన ‘ఎడిటెడ్’ అని మాత్రం పడుతుంది. అప్పటికీ సగంగానే ఉంటే ఆ మెసేజ్‌నే పట్టుకుని, ‘పంప దగ్గర ఆగింది పిన్నీ’ అని రాస్తాను. ఆగిన మాట చెప్పడమే, ఆ పైన ఊహ లేదు, మూడు ప్రశ్నార్థకాలు అసలే లేవు. పెద్దవాళ్లకి అవి గద్దింపులా తగులుతాయి.

‘తాతయ్యని రాత్రి ఆస్పత్రిలో’ లాంటిదైతే ఆగను, ఫోన్ చేస్తాను. అక్కడ కూడా ‘చేర్చారా?’ అనను. ‘మెసేజ్ సగమే వచ్చింది, చెప్పు’ అంటాను. షుగర్ చూపించి తీసుకొచ్చిన రోజులే ఎక్కువ.

మొన్న పిన్ని దగ్గర్నుంచి ‘ఆదివారం మేము మీ ఇంటికి రా’ అని వచ్చింది. మా ఆవిడ అప్పుడే గారెలకి పప్పు ఎంత నానబొయ్యాలో లెక్కేస్తోంది. ‘రా దగ్గర ఆగింది పిన్నీ’ అని పెట్టాను. ఇరవై నిమిషాలకి జవాబు: ‘రాలేం రా, మోకాళ్లు లాగేస్తున్నాయి. మీరే రండి’.