రెండవ డబ్బా

పిల్లల భోజనపు డబ్బాను గురించి చెప్పవలసినవారు వైద్యులో, వంటలో చేయి తిరిగినవారో అని సాధారణంగా మనం అనుకుంటాము. అయితే ఆ డబ్బాలోని అన్నం ఏ గంటకు ఏ పని చేస్తున్నదో ప్రతి సాయంత్రం కళ్లారా చూసేవారు వ్యాయామోపాధ్యాయులు. మా టౌన్‌షిప్ పాఠశాలలో ఆటలాడే పిల్లల తల్లిదండ్రులను ఇటీవల ఒక శనివారం నాడు సమావేశపరచి, అక్కడి వ్యాయామోపాధ్యాయిని గంటసేపు ప్రసంగించారు. ఏడవ తరగతి చదువుతున్న మా అమ్మాయి ఖో-ఖో ఆడుతుంది గనుక మేమూ వెళ్లాము. ఆమె చెప్పిన విషయాలు మన ఉద్యోగుల కుటుంబాలకు ఉపకరించగలవని తలచి ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ఆమె ఉపన్యాసం ఒక ఫిర్యాదుతో మొదలైంది. కబడ్డీ ఆడే ఒక పన్నెండేళ్ల అమ్మాయి సాయంత్రం సాధనలో రెండుసార్లు కళ్లు తిరిగి కూర్చుండిపోయిందట. మరునాడు తండ్రి వచ్చి, "టీచరు గారూ, మా అమ్మాయికి ఈ ఆట పడటం లేదండీ, మాన్పించెయ్యండి" అన్నారట. "ఆట మాన్పించడానికి ఒక్క నిమిషం చాలండీ. ముందు వారం రోజులు ఆమె డబ్బా నాకు చూపించండి" అని ఈమె కోరారు. ఆ అమ్మాయి పేరు చెప్పకుండా, ఆ వారంలో తాము గమనించినదంతా మా ముందుంచారు.

ఆ అమ్మాయి ఉదయం ఏడు గంటలకు రెండు ఇడ్లీలు తిని బయలుదేరేది. పన్నెండు ముప్పావుకు భోజన విరామం. డబ్బాలో పులిహోర, దానితోపాటు ఒక చిన్న చిప్సు పొట్లం. చిప్సు పూర్తిగా అయ్యేవి, పులిహోర సగం మిగిలేది. మూడున్నరకు చివరి గంట మోగేది, నాలుగుంబావుకు కబడ్డీ సాధన మొదలయ్యేది. అంటే సగం డబ్బాతో మూడున్నర గంటలు గడిపి, ఆపైన గంటన్నరసేపు పరుగెత్తి, పట్టుపట్టి, పడి లేవాలి. కళ్లు తిరిగినది ఆట వలన కాదని చెప్పడానికి ఈ గడియారం ఒక్కటే చాలునని టీచరు గారన్నారు.

తరువాత ఆమె లెక్క చెప్పారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ద్వారా వెలువడిన 2020 నాటి ప్రమాణాల ప్రకారం పది నుండి పన్నెండేళ్ల ఆడపిల్లకు రోజుకు సుమారు 2060 కేలరీల శక్తి, 33 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్న భోజన పథకం ప్రాథమికోన్నత తరగతుల పిల్లలకు ఒక పూటకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అని నిర్ణయించింది. రోజులో మూడవ వంతు శక్తి మధ్యాహ్నమే అందాలన్నమాట. ఆ అమ్మాయి తిన్న సగం పులిహోర, చిప్సు కలిపి 400 కేలరీలకు మించవు. మాంసకృత్తులు ఆరు గ్రాములుంటే గొప్ప. ఇంట్లోవారు డబ్బా నింపి పంపుతూనే ఉన్నారు, కాని అందులో నిండినది దాదాపు అంతా బియ్యమే.

అంతటితో "ఇంకా ఎక్కువ పెట్టండి" అని చెప్పి ఊరుకుంటారని మేమనుకున్నాము. ఆమె అందుకు భిన్నంగా చెప్పారు. అదే పథకంలో ఒక పిల్లకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె అని కొలత ఉన్నది. 150 గ్రాముల బియ్యం ఉడికితే దాదాపు 400 గ్రాముల అన్నమవుతుంది. దానికి పప్పు, కూర తోడైతే మన ఇళ్లలోని మామూలు డబ్బాలో పట్టడం కష్టం. పట్టినా చేతులు కడుగుకొని, వరుసలో కూర్చుని తినడానికి మిగిలేది ఇరవై నిమిషాలు. నెమ్మదిగా తినే పిల్ల ఆ వ్యవధిలో అంత తినలేదు. కనుక మధ్యాహ్నపు డబ్బాను బరువు చేయకుండా, మిగిలిన భాగాన్ని సాయంత్రానికి మరొక చిన్న డబ్బాలో వేరుగా పంపాలి. ఆమె ప్రసంగానికంతటికీ ఈ రెండవ డబ్బాయే కేంద్రం.

మొదటి డబ్బాలో 100 గ్రాముల బియ్యపు అన్నం చాలు. దానికి 30 గ్రాముల కందిపప్పుతో తోటకూరో పాలకూరో వేసి గట్టిగా చేసిన పప్పు, ఒకటిన్నర చెంచాల నూనెతో ఏదో ఒక వేపుడు, ఒక ఉడికించిన గుడ్డు. ఇంతకు 600 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు సమకూరుతాయి. గుడ్డు తినని ఇళ్లవారు గుప్పెడు సెనగలు రాత్రి నానబెట్టి గుగ్గిళ్లు చేసి పెడితే, గుడ్డులోని మాంసకృత్తులకు అవి ఇంచుమించు సరిపోతాయి. ఒక నిమ్మచెక్క కూడా ఉంచమన్నారు. ఆకుకూరలోని, పప్పులోని ఇనుము మన శరీరానికి సులభంగా పట్టదు. నిమ్మరసం తోడైతే మరికొంత పడుతుంది. భోజనంతోపాటు తాగే టీ దానికి అడ్డుపడుతుంది.

రెండవ డబ్బాలో రెండు అరలుండాలి. మొదటి అర ఆటకు ముందు, రెండవ అర ఆట తరువాత. మూడున్నరకు గంట మోగగానే ఒక అరటిపండు, లేదా పొడి చల్లిన ఒకటి రెండు ఇడ్లీలు. ముప్పావుగంటలో అవి కడుపులో తేలికపడి, ఆటకు కావలసిన శక్తిని అందిస్తాయి. అదే సమయంలో గేటు దగ్గర సమోసా తిన్న పిల్లలు పరుగులో పొట్ట పట్టుకొంటారు. నూనెలో వేగినది జీర్ణాశయాన్ని వదలడానికి చాలాసేపు పడుతుంది గనుక ఆట మొదలయ్యే వేళకు అది ఇంకా అక్కడే ఉంటుంది. అందువల్లనే వేరుశనగ చిక్కీని, అది మంచి ఆహారమే అయినా, ఆట ముగిసిన తరువాతి అరలో ఉంచమన్నారు. ఇరవై గ్రాముల వేరుశనగ గుళ్లలో అయిదు గ్రాముల మాంసకృత్తులుంటాయి. అరటిపండు, చిక్కీ కలిపి మరొక 200 కేలరీలు పైన చేరుతాయి. అలసిన కండరాలకు అవి అందవలసిన వేళ కూడా అదే.

"మధ్యాహ్నం మిగిలిన అన్నమే సాయంత్రం తింటే సరిపోదా అమ్మా?" అని ఒక పెద్దావిడ అడిగారు. ఇందుకు టీచరు గారు గట్టిగానే వద్దన్నారు. బియ్యంలో ఉండే ఒక జాతి సూక్ష్మజీవుల బీజాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చగా మూతపెట్టి ఉంచిన అన్నంలో అవి మొలకెత్తి విషపదార్థాన్ని తయారు చేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. ఉదయం ఏడింటికి పెట్టిన అన్నం పన్నెండు ముప్పావుకే తినేయాలి. నాలుగు గంటలకు దానిని ముట్టరాదు. రాత్రి మిగిలిన అన్నాన్ని ఉదయం పోపు పెట్టి పంపడమూ ఇందుకే తగదు. పెద్దలు ప్రయాణాలకు పులిహోరనే ఎంచుకోవడంలో యుక్తి ఉన్నది. చింతపండు పులుపులో ఆ జీవులు సులభంగా పెరగవు. పెరుగన్నం పంపేవారు ఉదయం అన్నంలో పాలు కలిపి, చెంచాడు పెరుగు తోడు వేస్తే మధ్యాహ్నానికి కమ్మగా తోడుకొంటుంది. కొబ్బరి పచ్చడి మాత్రం వేసవిలో డబ్బాలో పెట్టవద్దన్నారు.

డబ్బా సరిగా ఉన్నదో లేదో తెలుసుకొనే మార్గం కూడా చెప్పారు. తిరిగివచ్చిన డబ్బాను కడగడానికి ముందు ఒక్కసారి తెరిచి చూడాలి. అన్నం తిని కూర మిగిల్చితే రుచి సమస్య. అన్నీ సగం సగం మిగిలితే కాలం చాలలేదన్నమాట. మూత లోపల నీరు చెమర్చి అన్నం ముద్దయితే పొగలు కక్కుతుండగానే మూత బిగించారని అర్థం. రెండు నిమిషాలు ఆవిరి పోనిచ్చి మూయాలి. ఒక వారం పాటు ఇవన్నీ ఒక కాగితంపై వ్రాసుకోమన్నారు. యంత్రాల దగ్గర లాగ్ పుస్తకం వ్రాసే మాబోటివారికి ఈ సలహా వెంటనే నచ్చింది.

నీళ్ల సీసా సంగతి వచ్చినపుడు సభలో కొంత నిశ్శబ్దం ఏర్పడింది. ఆడపిల్లల సీసాలు చాలావరకు నిండుగానే ఇళ్లకు తిరిగి వెళ్తున్నాయని ఆమె అన్నారు. పిల్లలు మరచిపోయి కాదు. మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని, అక్కడ తలుపుకు గడియ లేదని తాగడం లేదు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీరు సరిపోతున్నట్లు, ముదురు రంగులో ఉంటే చాలనట్లు. "ఎంత మంచి డబ్బా కట్టినా ఈ లోపం తీరదండీ. గడియలు పెట్టించాలి" అన్నారు. తల్లిదండ్రులందరూ అక్కడే ఒక అర్జీ వ్రాసి సంతకాలు చేశారు.

శక్తి పానీయాలు, మాంసకృత్తుల పొడులు కొనవలసి ఉంటుందా అని ఒక యువ సహోద్యోగి అడిగారు. గంటా గంటన్నర ఆటకు మంచినీళ్లే చాలునని ఆమె సమాధానం. 2024లో జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన ఆహార మార్గదర్శకాలు పదిహేడింటిలో, శరీర పుష్టి కోసం మాంసకృత్తుల పొడులు వాడవద్దన్నది ఒకటి. ఆ డబ్బు గుడ్లకు, వేరుశనగలకు పెట్టమన్నారు.

చివరకు ఆ కబడ్డీ అమ్మాయి సంగతి చెప్పారు. రెండవ డబ్బా మొదలుపెట్టిన పది రోజులలో కళ్లు తిరగడం ఆగిపోయింది. అయితే నాలుగు పట్లు పట్టేసరికి తోటివారి కంటే ముందుగా ఆయాసపడటం మాత్రం తగ్గలేదు. మూడు వారాలు చూసి, టీచరు గారే తల్లిని పిలిచి రక్తపరీక్ష చేయించమన్నారు. పన్నెండేళ్లు నిండిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. ఆ అమ్మాయికి 10.4 మాత్రమే ఉన్నది. అంత లోటును తోటకూర పప్పుతో పూడ్చలేము. వైద్యుడు ఇనుము మాత్రలు వ్రాశారు. ప్రస్తుతం వాటిని వాడుతున్నదట. తండ్రి ఆట మాన్పించే మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ అమ్మాయి తిండి సరిగా లేనన్నాళ్లూ ఆయాసమూ, కళ్లు తిరగడమూ ఒకే లోపంగా కనిపించాయి. డబ్బా సరిపడిన తరువాతనే వాటిలో ఒకటి తొలగి, రెండవది వేరుగా బయటపడింది. ఆట మాన్పించి ఉంటే ఆ పిల్ల ఇంటిపట్టున కూర్చుని ఉండేది, రక్తలేమి ఎవరి కంటా పడేది కాదు. ఆటలాడే పిల్ల అలసిపోతున్నదని తెలిసినపుడు మనం మొదట అడగవలసినది ఏమి తిన్నదని మాత్రమే కాదు, ఎన్ని గంటలకు తిన్నదని కూడా. దానిని సరిదిద్దిన మూడు వారాలకు కూడా అలసట తీరకపోతే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి.