ఫోటో తీసి ఎక్సెల్‌లోకి ఎక్కించాలా, చేత్తో కొట్టుకోవాలా?

ఈసారి మేత గురించో, వైట్ స్పాట్ గురించో కాదు, లెక్కల గురించి రాస్తున్నాను. పోయిన పంటలో పట్టుబడి అయ్యాక నేను ఒక పొరపాటు చేశాను. పనిలో పనిగా డీలర్ కొట్టుకెళ్ళి గొడవ కూడా పెట్టుకున్నాను. మీలో ఎవరూ ఆ పని చెయ్యకూడదని ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

కొల్లేరు చుట్టుపక్కల వనామి వేసే వాళ్ళకి కొత్త సంగతేం కాదు. పంట మొదలు నుంచీ మేత అప్పు మీద తెచ్చుకుంటాం, పట్టుబడి అయ్యాక డీలర్ ఒక స్టేట్‌మెంట్ ఇస్తాడు, చూసుకుని డబ్బు కడతాం. నాకిచ్చిన కాగితంలో 38 వరుసలు ఉన్నాయి. తేదీ, బిల్లు నంబరు, మేత నంబరు, బస్తాలు, రేటు, మొత్తం అని ఆరు నిలువు వరుసలు. రేటు పంటంతా మారలేదు, బస్తా 2,350 రూపాయలు. అడుగున 650 బస్తాలు, 15,27,500 రూపాయలు అని అచ్చు వేసి ఉంది.

అంతకు ముందు ఇలాంటివి కూర్చుని ఒక్కో అంకే కొట్టుకునేవాణ్ణి. 38 ఆర్ల 228 గడులు. నా వేళ్ళకి అరగంట పని. ఈసారి మా అమ్మాయి ఫోనులో ఎక్సెల్ యాప్ తెరిచి, అందులో కెమెరా బొమ్మ ఉన్న బటన్ ఒకటి చూపించింది. `Data From Picture` అని ఉంటుంది. కాగితాన్ని ఫోటో తీస్తే అంకెలన్నీ వాటంతట అవే గడుల్లోకి వచ్చి కూర్చుంటాయి. కంప్యూటర్‌లో అయితే `Data` లోకి వెళ్ళి `From Picture` నొక్కాలి. 2016 లాంటి పాత ఎక్సెల్‌లో ఇది ఉండదు, నెట్ లేకపోతే పని చెయ్యదు.

ఫోటో తీశాను, మూడు నిమిషాల్లో పట్టిక వచ్చేసింది. అనుమానం ఉన్న గడులని అది ఒక్కోటీ చూపించి `Edit` చేస్తావా, `Ignore` అంటావా అని అడుగుతుంది. నేను కంగారులో `Ignore`, `Ignore` అని నొక్కుకుంటూ పోయాను. చివర్లో కూడిక పెట్టాను. 14,80,500 వచ్చింది. కాగితం మీద 15,27,500. అంటే 47,000 తేడా! ఇరవై బస్తాల డబ్బు అన్నమాట. ఇంకేముంది, బండి తీశాను.

డీలర్ పెద్దాయన, నాకంటే వయసులో పెద్ద. గట్టిగా అనలేదు గానీ అనాల్సినవి అనేశాను. ఆయన ఏం మాట్లాడకుండా కాలిక్యులేటర్ తీసి, నా ముందే 38 వరుసలూ కూడారు. 15,27,500. "మీ ఫోను ఒకసారి ఇటివ్వండి బాబుగారూ" అన్నారు. ఆయనకి ఎక్సెల్ రాదు, కళ్ళు మాత్రం బాగా పనిచేస్తాయి. "ఇదేంటండీ, ఈ ఒక్కటీ ఎడం పక్కకి అంటుకుంది?" అన్నారు.

చూస్తే ఆ గడిలో `47,0O0` అని ఉంది. మధ్యలో ఉన్నది సున్నా కాదండి, ఇంగ్లీషు అక్షరం ఓ. ఫోటో చదివేటప్పుడు సున్నాని అక్షరం అనుకుంది. అక్షరం కలిసిందంటే ఎక్సెల్ దాన్ని అంకెగా లెక్కపెట్టదు, మాటగా చూస్తుంది. `SUM` మాటల్ని కూడదు, తప్పు అని కూడా చెప్పదు, నోరు మూసుకుని వదిలేస్తుంది. మామూలుగా అంకెలు గడిలో కుడి పక్కకి ఉంటాయి, మాటలు ఎడమ పక్కకి. నాకు అది కనపడలేదు, ఆయనకి కనపడింది. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

తర్వాత కుదురుగా ఆలోచిస్తే అర్థమైంది ఏంటంటే, ఫోటో పద్ధతి చెడ్డది కాదు. సరిచూసుకోకుండా కూడిక నమ్మడం నాది తప్పు. పైగా ఆ కాగితంలోనే సరిచూసుకునే దారులు రెండు ఉన్నాయి. ఒకటి అడుగున అచ్చు వేసిన మొత్తం. రెండోది, ప్రతి వరుసలోనూ బస్తాల్ని రేటుతో హెచ్చవేస్తే మొత్తం రావాలి. ఇప్పుడు ఫోటో ఎక్కించగానే నేను చేసేది ఇదీ. మొదటి వరుసలో పేర్లు, 2 నుంచి 39 దాకా లెక్కలు అనుకోండి. బస్తాలు D, రేటు E, మొత్తం F.

```
=COUNT(F2:F39)
=D2*E2-F2
```

మొదటిది అంకెలున్న గడుల్ని మాత్రమే లెక్కపెడుతుంది. 38 రావాలి. ఆ రోజు పెట్టుంటే 37 వచ్చేది, ఒక గడి మాటగా మారిందని అక్కడే తెలిసేది. రెండోది పక్కన G గడిలో పెట్టి కిందదాకా లాగాలి. అన్నీ సున్నా రావాలి. సున్నా కాకుండా ఇంకేదైనా వస్తే ఆ వరుసలో ఏదో ఒక అంకె తప్పు చదివింది. `#VALUE!` అని వస్తే అక్షరం దూరింది. 1 ని 7 గా, 8 ని 0 గా చదివినా ఇక్కడ దొరికిపోతుంది. మొత్తం మీద పది నిమిషాల్లో తేలిపోతుంది, అరగంట కొట్టే పని లేదు. అందుకని ఇలాంటి అచ్చు కాగితానికి ఫోటోదే పైచేయి.

తేదీల దగ్గర మాత్రం ఇంకో తిరకాసు ఉంది. ఫోనులో ప్రాంతం అమెరికా అని ఉంటే 05/03 ని మార్చి ఐదు అనుకోదు, మే మూడు అనుకుంటుంది. 25/03 వస్తే ఇరవై ఐదో నెల లేదు కాబట్టి దాన్ని మాటగా వదిలేస్తుంది. తేదీల వరుసలో కొన్ని కుడికి, కొన్ని ఎడమకి ఉన్నాయంటే ఇదే జబ్బు. ఇది చేత్తో కొట్టినా వస్తుంది, కాబట్టి ముందు ఫోను సెట్టింగ్‌లో ఇండియా పెట్టుకోండి.

ఇక చేత్తో కొట్టడమే మేలైన చోట్లు. కౌంటు రేట్లే తీసుకోండి. 100 కౌంటు నుంచి 30 కౌంటు దాకా ఎనిమిది వరుసలు, రెండేసి అంకెలు, మొత్తం పదహారు. ఫోటో తీసి, అంచులు కత్తిరించి, అది ఆలోచించుకుని, మనం సరిచూసేలోపు రెండుసార్లు కొట్టెయ్యొచ్చు. పైగా వాట్సాప్‌లో తిరిగే రేట్ల బొమ్మల మీద పేర్లు తెలుగులో ఉంటాయి. ఈ ఫోటో పద్ధతికి తెలుగు చదవడం రాదు, ఇంగ్లీషు లిపి భాషలే వచ్చు. తెలుగు ఉన్నచోట పిచ్చి గీతలు వస్తాయి.

నీళ్ళ పరీక్ష కాగితం ఇంకో రకం. అది అచ్చు వేసిందే, చిన్నదే, కానీ దాంట్లో అడుగున మొత్తం ఉండదు, హెచ్చవేత ఉండదు. అంటే తప్పు చదివితే పట్టుకునే దారి లేదు. పీహెచ్ 8.1 ని చుక్క వదిలేసి 81 అంటే నవ్వుకుని దిద్దుకుంటాం. అదే అమోనియా 0.1 ని 0.01 అని చదివిందనుకోండి, రెండూ నమ్మేలాగే ఉంటాయి. చెరువులో నీళ్ళు మార్చాలా వద్దా అన్నది ఆ చుక్క మీద ఉంటుంది. ఎలాగూ ప్రతి గడినీ కాగితంతో పోల్చాల్సిందే అయితే ఆ పని కొడుతూనే అయిపోతుంది. నాలుగు చెరువుల రిపోర్టు వరకూ నేను చేత్తోనే కొడతాను.

అన్నిటికంటే ముఖ్యం కాటా పుస్తకం. పట్టుబడి రోజు గట్టు మీద లైటు వెలుతుర్లో, తడి చేతుల్తో రాసిన పుస్తకం. నేను ఒకసారి సరదాకి ఫోటో తీసి ఎక్కించాను. 64 కాటాల్లో సగం కూడా సరిగా రాలేదు, రెండు వరుసలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చేతిరాతకి ఇది పనికి రాదు. తాడేపల్లిగూడెం నుంచి మా బావగారు ధాన్యం కాటా చీటీలు తెచ్చినప్పుడు కూడా అదే చెప్పాను, "బావా, ఫోటో వద్దు, నువ్వు చదువు, నేను కొడతాను" అని.

ఇద్దరు కూర్చోవడమే దానికి మందు. ఒకరు చదవాలి, ఒకరు కొట్టాలి, చివర్లో కొట్టినవాడు స్క్రీను చూసి చదివితే రెండోవాడు పుస్తకం చూడాలి. మనిషి తప్పులు వేరే రకం. మనం సున్నాని ఓ అనుకోం గానీ 54.2 ని 45.2 అని తిప్పి కొడతాం, లేదా ఒక వరుస దాటేస్తాం. దీనికి పాత గుమాస్తాల చిట్కా ఒకటుంది. పుస్తకం మొత్తానికీ మీ మొత్తానికీ తేడా తీసి, చుక్క తీసేసి, 9 తో భాగించండి. శేషం లేకుండా పోతే ఎక్కడో పక్కపక్క అంకెలు రెండు తారుమారయ్యాయని ముందు అనుమానించాలి. 54.2 ని 45.2 అంటే తేడా 9.0, చుక్క తీస్తే 90, తొమ్మిది పదులు. 45.3 ని 43.5 అంటే తేడా 1.8, చుక్క తీస్తే 18, తొమ్మిది రెళ్ళు. అలా కాకుండా తేడా సరిగ్గా ఒక కాటా బరువంత ఉంటే వరుస దాటేశారన్నమాట.

ఫోటో తీసేవాళ్ళకి ఒక మాట. కాగితం మడతలు సాపు చేసి బల్ల మీద పెట్టండి, ఫోను ఏటవాలుగా కాకుండా నిటారుగా పైనుంచి పట్టుకోండి, మీ నీడ పడకూడదు. పట్టిక ఉన్న మేరకే కత్తిరించండి, పైన కొట్టు పేరు, కింద సంతకాలు వద్దు. వెలిసిపోయిన వేబ్రిడ్జి చీటీ అయితే అసలు తియ్యకండి.

ఈ రెండిటికంటే తేలికైంది ఇంకోటి ఉంది. ఆ గొడవ అయ్యాక పది రోజులకి నేనే వెళ్ళి డీలర్‌గారికి తప్పయిందని చెప్పి, లెక్క కట్టేశాను. ఆయన టీ తెప్పించి, "కంప్యూటర్‌లో టాలీ వాడుతున్నాం కదండీ, కాగితం బదులు ఎక్సెల్ ఫైలే మీకు పంపించమని మా అబ్బాయికి చెప్తాను" అన్నారు. అడగాలని నాకే తోచలేదు. ఈ పంట స్టేట్‌మెంట్ అలాగే వాట్సాప్‌లో వచ్చింది. అయినా `COUNT` పెట్టి చూశాను, ఆయనకి చెప్పకండి. వచ్చే వారం చిన్న చెరువు పట్టుబడి ఉంది, కాటా పుస్తకం చదవడానికి బావగారిని ముందు రోజే రమ్మన్నాను.