పోయొస్తా అన్నోనికి ఏం చెప్పాలె

పోయిన వారం మా మేనల్లుడు ఊరి నుంచి దుబాయ్ వచ్చిండు. వాణ్ణి సాగనంపుడు చూస్తే, ప్రయాణం పోయేటోనికి మన పెద్దలు పెట్టిన పద్ధతుల్లో కొన్ని ఎంత గట్టివో తెలిసింది. అందుకే ఈ పోస్టు. జర పెద్దగైతది, డ్యూటీ దిగినంక తీరికగా చదవండి.

మన దిక్కు ఎవ్వరూ "పోతున్న" అనరు, "పోయొస్త" అంటరు. పోతున్న అంటే ఇంట్లో ఆడోళ్లు వెంటనే "గట్లనకు, పోయొస్త అను" అని మళ్ల అనిపిస్తరు. పెద్దోళ్లు దానికి జవాబుగా "క్షేమంగా పోయి లాభంగా రా" అంటరు. ఎటు పోతున్నవని అడగరు, అడిగితే ఎదురు ప్రశ్న వేసినట్టని తిడతరు. మా క్యాంపులో తమిళ తంబీలు "పోయిట్టు వరేన్" అంటరు, మలయాళీలు "పోయిట్టు వరాం" అంటరు, అదీ పోయొస్త అనే. బెంగాలీ వాళ్లయితే పోవుడు మాటే ఎత్తరు, గడప దాటుతా "ఆశి" అంటరు. ఆశి అంటే వస్తున్న అని అర్థమట! పోయేటోడు వస్తున్న అనుడేందని మొదట్ల నవ్వినం గాని, ఆలోచిస్తే మన మాటలో ఉన్నదీ అదే.

ఇగ మావాని సంగతి. కంపెనీ టికెట్ పంపింది, శుక్రవారం తెల్లారగట్ల 4 గంటల 10 నిమిషాలకు శంషాబాద్ నుంచి. అది చూసి మా అక్క పరేషాన్ అయింది. ఎందుకంటే శుక్రవారం, ఆదివారం పడమర దిక్కు వారశూల. దుబాయ్ మనకు పడమరే. మనం ముహూర్తం చూసుకొని టికెట్ తీసుకునేటోళ్లం కాదు గదా, వాళ్లు ఏ రోజు పంపితే ఆ రోజే ఎక్కాలె.

మా ఊరి అయ్యగారు పంచాంగం తీసి ఒక మాట చెప్పిండు. మన లెక్కల రోజు అర్ధరాత్రి మారది, పొద్దు పొడిస్తే మారుతది. శుక్రవారం తెల్లారగట్ల 4 గంటలంటే పొద్దు ఇంకా పొడవలే, మన లెక్కకు అది గురువారమే. అక్క పానం కుదుట పడ్డది. కానీ ఒక్క నిమిషమే. గురువారం దక్షిణం దిక్కు వారశూల, మా జగిత్యాల వైపు నుంచి హైదరాబాద్ పోవాలంటే దక్షిణానికే పోవాలె. పడమర తప్పిందనుకుంటే దక్షిణం పట్టుకున్నది.

దీనికి మన పెద్దలు ఎప్పుడో దారి చూపిచ్చిన్రు. ప్రస్థానం పెట్టుడు అంటరు. మంచి రోజు, మంచి గడియల పోయేటోని మూట ఒకటి ఇంట్లకెల్లి తీసి, పోయే దిక్కున ఉన్న వేరే ఇంట్ల పెడ్తరు. మూట గడప దాటిందంటే మనిషి ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత మనిషి ఏ రోజు బయలెల్లినా ఫరక్ పడదు. ఒక్కటే నియమం, బయటికి పోయిన మూట మళ్ల ఇంట్లకు రావద్దు.

బుధవారం పగలు 12 నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం. వర్జ్యం కూడా చూసి, పొద్దున 9 గంటలకు సూట్‌కేసు దక్షిణం గల్లీల ఉన్న పెద్దమ్మ ఇంట్ల పెట్టిన్రు. పాస్‌పోర్టు, వీసా కాగితం, టికెట్ మాత్రం వాని దగ్గరే ఉంచుకొమ్మని నేను ఫోన్ల చెప్పిన. ఎందుకంటే వెనుకట మా ఊర్లనే ఒకాయన పాస్‌పోర్టుతో సహా బ్యాగు పక్కింట్ల పెడితే, ఆ ఇంటోళ్లు తాళం వేసి పెండ్లికి పోయిన్రు. నడిరాత్రి తాళం పగలగొట్టవలసి వచ్చింది.

బుధవారం రాత్రి అక్కకు ఫోన్ చేసి సామాన్ల ఏమేం పెట్టినవని అడిగిన. సకినాలు, అప్పాలు, మామిడికాయ తొక్కు, కూరల్లకు మసాలా పొడి అన్నది. మసాలల ఏమేసినవే అంటే ధనియాలు, లవంగాలు, చెక్క, గసగసాలు అని ఒక్కొక్కటే చెప్పింది. గసగసాలు అనంగనే నా గుండె ఆగింది. మన ఇంట్ల అది కూర చిక్కగ అయ్యే దినుసు. దుబాయ్‌ల, సౌదీల అది మత్తుమందు కింద లెక్క, ఎందుకంటే నల్లమందు వచ్చే కాయలోని గింజలే గసగసాలు. తెలియక తెచ్చిన అన్నా కేసు కేసే. పొడి చేస్తే కనిపియ్యదు కదా అనుకోవద్దు, అది ఇంకా ఎక్కువ అనుమానం.

తీసెయ్యమన్న. అక్క ఒప్పుకోలే. ప్రస్థానం పెట్టిన మూట విప్పితే పోయిన ముహూర్తం ఖరాబైతదని ఆమె భయం. నేను ఇక్కడ తల కొట్టుకుంటున్న, ఆమె అక్కడ ఏడుస్తున్నది. ఆఖరికి మా అమ్మ ఫోన్ తీసుకొని తేల్చింది. "మూట ఇంటికి రావద్దు అన్నరు గాని విప్పొద్దు అన్లే. పెద్దమ్మ అరుగు మీదనే విప్పి పొడి తియ్యి." అట్లనే చేసిన్రు. సూట్‌కేసు అరుగు దాటలే, పొడి పొయ్యిల పడ్డది. పక్కింటామె దుబాయ్‌ల ఉన్న కొడుక్కు ఇయ్యమని తెచ్చిన పొట్లం కూడా అప్పుడే విప్పి చూసిన్రు. అండ్ల తొక్కు తప్ప ఏం లేదు. ఆమె నారాజ్ అయిందట. అయితే కానీ, అడుగున ఏమున్నదో తెల్వని పొట్లం ఎవ్వరి దగ్గరా తీసుకోవద్దు.

గురువారం రాత్రి 8 గంటలకు పెరుగు, చక్కెర నోట్ల పెట్టి, పెద్దమ్మ ఎదురొచ్చి పంపిచ్చింది. వాడు పోయొస్త అన్నడట, మా అమ్మ క్షేమంగా పోయి లాభంగా రా బిడ్డా అన్నదట.

మనిషి పోయినంక ఇంట్ల ఇంకో నియమం ఉంటది. పోయినోడు చేరేదాక ఇల్లు ఊకొద్దు, తలమీద నీళ్లు పోసుకోవద్దు. వెనుకట పక్క ఊరికి పోతే పూటల చేరేటోళ్లు. ఇప్పుడు లెక్కేసుకోండి. ఊరి నుంచి శంషాబాద్‌కు వ్యానుల ఐదు గంటలు, అక్కడ మూడు గంటలు కూర్చునుడు, విమానం నాలుగు గంటలు. దిగినప్పుడు ఊర్ల 8 దాటింది, ఇక్కడ 6 గంటల 40 నిమిషాలు. ఇమిగ్రేషన్ లైను, కంపెనీ బస్సు, క్యాంపుకు వచ్చేసరికి ఇక్కడ తొమ్మిదిన్నర, అంటే ఊర్ల 11. కొత్తోని దగ్గర సిమ్ ఉండదు. ఇక్కడ వాట్సాప్‌ల కాల్ పోదు, వాయిస్ మెసేజ్ మాత్రం పోతది. నేను గేటు కాడనే నిలబడి నా ఫోన్ వాని చేతికిచ్చి, ముందు మీ అమ్మకు చేరిన అని చెప్పురా అన్న. చెప్పిండు. ఐదు నిమిషాలకు అక్క జవాబు పంపింది, మాటల వెనుక చీపురు చప్పుడు వినపడ్డది.

కొత్తోళ్లు వస్తున్నరంటే మీరూ ఇట్లనే ఒక ఫోన్ వాళ్లకు అందేటట్టు చూడండి. అది ఆలస్యమైన కొద్దీ అక్కడ ఒక ఆడమనిషి పాసిల్లు పెట్టుకొని కూర్చుంటది.

ఇంకొక మాట. ఇక్కడ అరబీలు పోయేటోనికి "మా అస్సలామా" అంటరు, సలామత్‌గా పో అని. "ఫీ అమానిల్లా" అని కూడా అంటరు, దేవుని కాపల్ల పో అని. మనోడు వీసా క్యాన్సిల్ చేసుకొని ఆఖరుసారి ఇంటికి పోయేటప్పుడు నాకు ఈ అరబీ మాటలే సరిగ్గ అనిపిస్తయి, అండ్ల మళ్ల వచ్చుడు లేదు. మన మాట అక్కడ అడ్డం తిరుగుతది. పోయిన నెల మా రూముల ఉన్న పెద్ద మేస్త్రి, 22 ఏండ్లు చేసినాయన, ఎగ్జిట్ కొట్టించుకొని పోయిండు. కుక్కర్ నాకిచ్చిండు, పరుపు బీహార్ పిలగానికిచ్చిండు. సంచి భుజానేసుకొని, అలవాటు కొద్దీ తలుపు కాడ నిలబడి "పోయొస్త తమ్మీ" అన్నడు.

రూముల పన్నెండు మందిమి ఒక్కసారే అరిసినం, "రాకే అన్నా!" అని.