పొసగని వాక్యం

ఆరో బదిలీ తర్వాత, కొత్త తరగతిలో బోర్డు మీద రాశాను:

1. గోదావరి త్ర్యంబకేశ్వరం దగ్గర పుడుతుంది.
2. అక్కడి నుంచి గోదావరి తూర్పుగా పారుతుంది.
3. గోదావరి పుష్కరాలు 12 ఏళ్లకోసారి వస్తాయి.
4. చివరికి ధవళేశ్వరం దిగువన పాయలై బంగాళాఖాతంలో కలుస్తుంది.

పొసగనిది నాలుగోదన్నారు చాలామంది, అందులో గోదావరి పేరు లేదని.

వారం క్రితమే చేరి, ఇంతవరకు నోరు విప్పని పాప లేచింది. మూడోది వదిలేసి మిగతావి చదివింది. కథ తెగలేదు. నాలుగోది వదిలేస్తే నది సముద్రం చేరలేదు. పేరా గోదావరి గురించి కాదు, అది నడిచిన దారి గురించి.

"మూడోది తప్పా సార్?"

"కాదమ్మా, నిజమే. దాని పేరా వేరే."

సుద్దముక్క ఇచ్చాను. పక్కనే మూడో వాక్యంతో ఇంకో పేరా మొదలుపెట్టింది.