నాలుగు బ్లౌజుల బేరం

బర్కత్‌పుర చమన్ నుంచి రెండు సందులు లోపలికెళ్తే, ఒక అపార్ట్‌మెంట్ మెట్ల కింద చిన్న షట్టర్ ఉంటుంది. ఒక మిషన్, ఒక కటింగ్ బల్ల, గోడకి మేకులు, వాటికి వేలాడే కవర్లు. మా సందులో ఆడవాళ్లందరికీ ఆమె "టైలర్ అక్క". నేను ఆఫీసు అయ్యాక నారాయణగూడ మెట్రోలో దిగి అటుగా ఇంటికి వస్తా కాబట్టి వారానికి రెండుసార్లయినా అక్కతో మాట్లాడతా. అలా కిందటి శ్రావణానికి ముందు జరిగిన ఒక బేరం నా కళ్లముందే జరిగింది.

కూతురి పెళ్లికని ఒక ఆంటీ నాలుగు పట్టుచీరల బ్లౌజు ముక్కలు తెచ్చారు. అన్నీ ప్రిన్సెస్ కట్, లైనింగ్, కప్పులు, మెడకి పైపింగ్. ఐదు రోజుల్లో కావాలి. అక్క రేటు అప్పట్లో 450. ఆంటీ 350 అన్నారు.

"పదేళ్ల నుంచి నీ దగ్గరికే వస్తున్నా. నాలుగు ఒకేసారి ఇస్తున్నా కదా, టోకు ధర వెయ్యి."

"మేడమ్, లైనింగ్ కూడా నాదే కదా. 350కి గిట్టుబాటు కాదు."

"చిక్కడపల్లిలో 300కే కుడుతున్నారు. మిషన్ మీద గంట పనికి ఎంత తీసుకుంటావమ్మా?"

అరగంట సాగింది. మధ్యలో ఆంటీ రెండుసార్లు సంచీ తీసుకుని బయల్దేరి, రెండుసార్లూ వెనక్కి వచ్చారు. చివరికి 400కి తెగింది. అడ్వాన్స్ లేదు.

అసలు కథ తర్వాత. ఆది జాకెట్‌గా ఆంటీ ఇచ్చింది రెండేళ్ల కిందటిది. ఈలోగా పెళ్లికూతురు బాగా సన్నబడింది. నాలుగూ వదులయ్యాయి. విప్పి, మళ్లీ కుట్టి, మళ్లీ ట్రయల్. దానికి డబ్బులు అడిగితే "సరిగ్గా కుట్టనిది నువ్వు కదా" అన్నారు. ఆ వారం రాత్రి పదకొండింటికి కూడా అక్క షట్టర్ సగం తెరిచే ఉంది.

తర్వాతి ఆదివారం నా బ్లౌజు కోసం వెళ్తే అక్కే అంది: "నువ్వు కంప్యూటర్ల పన్జేస్తవు గద. ఒక్క బ్లౌజ్‌కి నాకేం మిగుల్తుందో లెక్క చెప్పు."

ఫోన్లో ఒక షీట్ తెరిచా. సుల్తాన్ బజార్ నుంచి తెచ్చే లైనింగ్ మీటరు 70. కప్పులు 50. పైపింగ్ తాడు, గుడ్డ 20. దారం, హుక్కులు 15. మొత్తం 155. హెమ్మింగ్, హుక్కులు కుట్టే పని పక్కింటావిడకి ఇస్తుంది, ఆమెకి 40. షాపు అద్దె 6,000, కరెంటు 600. నెలకి సుమారు 60 బ్లౌజులు కుడుతుంది కాబట్టి ఒక్కోదాని మీద 110 పడుతుంది. 450లోంచి ఇవన్నీ తీసేస్తే 145.

ఇప్పుడు టైమ్. ఇక్కడే అందరి నోటి లెక్కా తప్పుతుంది. మామూలు డాట్ బ్లౌజుకి ముందు భాగం రెండు ముక్కలు. ప్రిన్సెస్ కట్‌లో డాట్లుండవు, వాటి బదులు చంక దగ్గర్నుంచి నడుము దాకా వంపుగా అతుకు వస్తుంది. అంటే ముందు భాగమే నాలుగు ముక్కలు, లైనింగ్‌తో ఎనిమిది. వంపు మీద వంపు కలిపి కుట్టాలి. కొంచెం లాగి కుట్టినా ఛాతీ దగ్గర ముడత పడుతుంది, పట్టు మీద అది దాచినా దాగదు. పట్టు అంచులు పోగులు పోతాయి. ఒకసారి కుట్టి విప్పితే సూది గుర్తులు మిగులుతాయి. కటింగ్‌కి నలభై నిమిషాలు, కుట్టుకి రెండున్నర గంటలు, ట్రయల్, సర్దుబాట్లకి ఇరవై నిమిషాలు. మొత్తం మూడున్నర గంటలు.

145ని మూడున్నరతో భాగిస్తే గంటకి 41 రూపాయలు.

అక్క కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక మాట అంది, నాకు బాగా గుర్తుండిపోయింది. సొంత షాపు పెట్టకముందు ఆమె ఒక బొటిక్‌లో పీస్ లెక్కన కుట్టేది. కటింగ్ మాస్టర్ చేసేవాడు. ఇలాంటి బ్లౌజు కుడితే ఆమెకి 250. రెండున్నర గంటలకి 250, అంటే గంటకి వంద. "ఓనర్ అయ్యి తక్కువ సంపాదిస్తున్ననా?" అని నవ్వింది. నవ్వాలో లేదో తెలియని నవ్వు.

ఆ వంద రూపాయలనే మేం ఆధారంగా పట్టుకున్నాం. 155, 40, 110 కలిపితే 305. గంటకి వంద చొప్పున మూడున్నర గంటలకి 350. మొత్తం 655. పట్టు ముక్క పాడైతే కొనివ్వాల్సింది అక్కే కాబట్టి, ఆ రిస్కుకి 45 కలిపి 700.

"గింత చెప్తే ఎవరొస్తరు?" న్యాయమైన భయమే. అందుకే ఇంకో లెక్క వేశాం. కుట్టేవన్నీ ఇలాంటివే అనుకుందాం. 450 చొప్పున 60 కుడితే అన్ని ఖర్చులూ పోను నెలకి మిగిలేది 8,700. రేటు 700 చేశాక ఇరవై బ్లౌజులు తగ్గిపోయాయనుకుందాం. మిగతా 40కి, అదే అద్దె కట్టాక, 13,600. మూడో వంతు గిరాకీ పోయినా ఐదు వేలు ఎక్కువ, పైగా డెబ్బై గంటలు ఆదా. ఆషాఢంలో ఖాళీగా కూర్చున్నా అద్దె ఆగదు కాబట్టి శ్రావణంలో చవగ్గా అమ్ముకున్న ప్రతి గంటా నష్టమే.

టోకు మాట కూడా తేల్చింది అక్క. యూనిఫామ్‌లైతే గుడ్డ మడతలు పేర్చి ఒకేసారి కత్తిరించొచ్చు, ఒకే రంగు దారంతో వరసగా కుట్టేయొచ్చు. అక్కడ టోకు ధర సరే. నాలుగు పట్టుచీరలంటే నాలుగు మెడలు, నాలుగు రంగుల దారాలు, బాబిన్ నాలుగుసార్లు మార్చడం. ఒక్క నిమిషం కూడా మిగలదు.

వారంలో గోడకి బోర్డు వచ్చింది. ప్లెయిన్ బ్లౌజ్ 300, అది పెంచలేదు. అది కుట్టించుకునేవాళ్లలో ఇళ్లల్లో పనిచేసే అమ్మలు, అశోక్ నగర్‌లో కోచింగ్‌కొచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయిలు ఎక్కువ, కుట్టేవాళ్లు కూడా సందుకొకరున్నారు. ప్రిన్సెస్ కట్ 700. ఐదు రోజుల్లోపు కావాలంటే 150 అదనం. ఆది జాకెట్ కొలతకి తేడా వస్తే అక్క ఖర్చు, ఒంటి కొలత మారితే 80. సగం అడ్వాన్స్.

బేరం మానలేదు, పద్ధతి మారింది. ఇప్పుడు ఎవరైనా "తగ్గించు" అంటే "తగ్గిస్తా మేడమ్, కప్పులు తీసేద్దామా, పైపింగ్ తీసేద్దామా?" అంటుంది. కప్పులు లేకపోతే 620, పైపింగ్ కూడా వద్దంటే 580. పని తగ్గితే రేటు తగ్గుతుంది, అంతే. (మా ఆఫీసులో క్లయింట్‌కి ఈ ముక్క చెప్పడానికి ముగ్గురు మేనేజర్లు, ఒక మీటింగ్ రూమ్ కావాలి.)

మొదటి నెల కొందరు నిజంగానే వెళ్లిపోయారు. అందులో పదేళ్ల పరిచయాలూ ఉన్నాయి, అక్క వాటికి బాధపడింది కూడా. ఆ ఆంటీ మాత్రం కార్తీకంలో మళ్లీ వచ్చారు. బోర్డు రెండుసార్లు చదివారు. "ఏంటమ్మా, మాకూ ఇదేనా?" అన్నారు. "అందరికీ ఇదే మేడమ్" అని అక్క టేపు తీసి, ఆది జాకెట్ పక్కన పెట్టి, ఒంటి మీదే కొలతలు తీసుకుంది. ఆంటీ పైపింగ్ వద్దన్నారు, కప్పులు ఉండనిమ్మన్నారు. 660 అయింది. సగం ఫోన్‌పేలో అప్పుడే పంపారు.

మొన్న మా కజిన్ నిశ్చితార్థానికి నాకూ ఒకటి కావాల్సొచ్చింది, మూడు రోజుల్లో. షీట్ చేసిచ్చింది నేనే కదా అని అక్క మొహం చూశా.

"850," అంది, మార్కింగ్ చాక్ తీస్తూ. "అర్జెంట్ గద."