మా చిన్నోడి దిష్టిబొమ్మ

ఫొటోలో చొక్కా తొడుక్కుని చేతులు ఊపుతున్న బొమ్మ ఏంటని చాలామంది అడిగారు. అది మా చిన్నోడు చేసింది. వాడు పదో తరగతి.

మా కంకిపాడు వైపు అంతా వరే అని మీకు తెలుసు. నాకు మాత్రం కరకట్ట దగ్గర ఎకరం ఇసుక నేల ఉంది. కార్తీకంలో అందులో వేరుశనగ వేస్తాను. గింజ వేసిన అయిదో రోజు నుంచి పన్నెండో రోజు దాకానే అసలు గండం. మొలక నేల పగిలే వేళకి కాకులు, గోరింకలు సాలు పట్టుకుని వరసగా పొడుచుకుంటూ పోతాయి. నిరుడు ఆ వారం రోజులూ మావాణ్ణి బడి మాన్పించి గట్టు మీద కూర్చోబెట్టాను. పరీక్షలో లెక్కలు పోయాయి. ఈసారి "కాపలాకి నేను కూర్చోను నాన్నా, కూర్చునేదాన్ని చేస్తాను" అన్నాడు. నాకు కోపమే వచ్చింది గానీ, తప్పు నాదే కదా అని ఊరుకున్నాను.

ఆటోనగర్‌లో పాత కారు వైపర్ మోటారు తెచ్చాడు. నా మందు స్ప్రేయర్‌లోని 12 ఓల్టుల బ్యాటరీ తీసుకున్నాడు. 20 వాట్ల సోలార్ పలక, చార్జింగ్ ఎక్కువ కాకుండా ఆపే కంట్రోలర్, ఒక ఆర్డుయినో బోర్డు, ఒక రిలే కొన్నాడు. మోటారు తిరిగితే బొమ్మ చేతులు లేస్తాయి, కర్ర వెళ్లి రేకు పళ్లెం మీద పడుతుంది. అంతే.

మొదట, పిట్ట వస్తే కనిపెట్టే సెన్సార్ పెట్టాడు. అది వేడి కదలికను పట్టేది. పొద్దున కాకి పది అడుగుల్లో ఉంటే పట్టేది, అవతల సాలులో ఉంటే లేదు. మధ్యాహ్నం ఇసుక కాలితే పిట్ట వేడికీ నేల వేడికీ తేడా తెలియక ఊరికే మోగేది. దాన్ని తీసేసి, అయిదు నిమిషాలకోసారి మోగేలా చేశాడు. రెండు రోజులు పిట్ట వాలలేదు. నాలుగో రోజు చూస్తే కాకి బొమ్మ నెత్తినే కూర్చుంది! మోగి ఆగగానే దిగి తింటోంది. దానికి టైము తెలిసిపోయింది.

అప్పుడు వాడు మార్చింది ఈ రెండు ముక్కలు. మొదటిది ప్రోగ్రాం మొదట్లో ఒకసారి, రెండోది తిరిగి తిరిగి నడిచే చోట:

```
randomSeed(analogRead(A0));
delay(random(120000, 540000));
```

అంటే రెండు నిమిషాల నుంచి తొమ్మిది నిమిషాల లోపు ఎప్పుడైనా మోగుతుంది. మొదటి ముక్క లేకపోతే ఆన్ చేసినప్పుడల్లా అదే వరుస వస్తుందట.

కరెంటు చాలుతుందా అని అడిగాను. కాగితం మీద చూపించాడు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా సుమారు 127 సార్లు, సారికి పది సెకన్లు. మొత్తం మోటారు తిరిగేది 21 నిమిషాలే. మూడు ఆంపియర్లు లాగినా ఒక ఆంపియర్-అవర్ దాటి కొంచెం. బోర్డు ఖర్చు కలిపినా మూడు లోపే. బ్యాటరీ ఎనిమిది. ఒక రోజు మబ్బు పట్టినా ఆగదు. ఆగింది ఒక్కసారే, మంచుకి బోర్డు తడిసి. ఆ తర్వాత దాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టి బోర్లించాడు.

ఇప్పుడు లాభం చెప్తాను, మీరూ ఇలాగే చూసుకోండి. మేం గింజకి గింజకి 10 సెంటీమీటర్లు వేస్తాం. కాబట్టి పది మీటర్ల సాలులో వంద మొక్కలుండాలి. బొమ్మ దగ్గరి సాలులో 87 లెక్క తేలాయి, దూరపు చివర 62. ఖాళీ ఉన్నచోట తవ్వి చూడండి. చిన్న గుంట, పక్కన చీలిన పప్పు కనిపిస్తే పిట్ట పని. గింజ నల్లగా కుళ్లి ఉంటే అది తెగులు, దానికి బొమ్మ ఏం చేయలేదు, విత్తనశుద్ధి చేసుకోవాల్సిందే.

బొమ్మ భయం సుమారు పాతిక మీటర్ల దాకానే. అంటే చుట్టూ 48 సెంట్లు. మా ఎకరానికి ఒకటి చాలదు. అందుకే వాడు బడికి వెళ్లేముందు రోజూ దాన్ని పీకి ఇంకో చోట పాతాడు. చోటు మారకపోతే ఎంత మోగినా పిట్టలు అలవాటు పడతాయి. నెమళ్లకి మాత్రం నమ్మకం లేదు. అవి వస్తే మనిషి వెళ్లి అదిలించాల్సిందే. చట్టం ఉంది కాబట్టి వాటికి హాని చేసేది కూడా లేదు.

చివరి సాలులో ఖాళీలకి మళ్లీ గింజ పెట్టాను. ఈసారి ఆ వారం గట్టు మీద తెల్లారి రెండు గంటలు కూర్చున్నది నేను. వాడు మాత్రం ఒక్క రోజు కూడా బడి మానలేదు.