ఆ రాత్రి నమాజ్ లేకుండా

ఇరవయ్యో ఉపవాసం రోజు ఇఫ్తార్ గిన్నెలు కడుగుతూ, "రేపు రాత్రి నుంచి జాగారం మొదలుపెడతాను అత్తమ్మా" అన్నాను. పెళ్లయిన కొత్తలో మాట. ఆవిడ నవ్వి, "రేపేంటమ్మా, మగ్రిబ్ అజాన్ అయ్యిందిగా, ఇరవై ఒకటో రాత్రిలోనే ఉన్నాం" అన్నారు. మనకు ముందు రాత్రి, తర్వాత పగలు. ఈ లెక్క తెలియకే పుట్టింట్లో ఎన్నో రంజాన్లు మొదటి తాఖ్ రాత్రిని నిద్రలో పోగొట్టుకున్నాను.

షబే ఖద్ర్‌ని చివరి పది రోజుల్లోని బేసి రాత్రుల్లో వెతకమన్నారు. మా వీధిలో అందరూ ఇరవై ఏడో రాత్రినే పట్టుకుంటారు, మసీదుకు దీపాలూ ఆ రోజే. అత్తమ్మ మాత్రం పది రాత్రులూ లేస్తారు. నెలవంక ఒక ఊళ్లో ఒకరోజు ముందు, ఇంకో ఊళ్లో తర్వాత కనబడితే బేసీ సరీ తారుమారవుతాయి కదా అంటారు. తెల్లవార్లూ కూర్చోరు. తరావీహ్ అయ్యాక పడుకుని, సహ్రీకి గంటన్నర ముందు లేచి తహజ్జుద్ చదువుకుంటారు. నేనూ అలాగే అలవాటు పడ్డాను. మొదటి రాత్రే మొత్తం మేలుకున్న ఏడాది, మూడో రాత్రికి సజ్దాలోనే నిద్రపోయాను!

నిరుడు ఇరవై ఆరో ఉపవాసం రోజు అసర్ వేళకు నెలసరి వచ్చింది. ఇంకో రెండు గంటల్లో ఇరవై ఏడో రాత్రి. ఆ రోజు ఉపవాసం పోయింది, రంజాన్ తర్వాత ఖజా ఉంచుకోవాలి. నమాజ్ చదవకూడదు. వంటింట్లో కూర్చుని ఏడ్చేశాను.

అత్తమ్మ తస్బీహ్ తెచ్చి చేతిలో పెట్టారు. "నమాజ్ లేకపోతే దుఆ కూడా లేదనుకున్నావా? ఆ రాత్రి దొరికితే ఏం అడగాలని ఆయిషా బీబీ అడిగితే, ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం నేర్పింది ఒక్క వాక్యం. అది చదువుకో."

అల్లాహుమ్మ ఇన్నక అఫువ్వున్, తుహిబ్బుల్ అఫ్వ, ఫాఫు అన్నీ.

ఓ అల్లాహ్, నువ్వు మన్నించేవాడివి, మన్నించడం నీకిష్టం, నన్ను మన్నించు అని. అఫ్వ్ అంటే తప్పు ఆనవాలు కూడా లేకుండా చెరిపేయడమట, ఇసుకలో అడుగుజాడల్ని గాలి తుడిచేసినట్టు.

అందరూ నమాజులో ఉంటే నేను గోడకానుకుని చదువుతూ కూర్చున్నాను. పక్కన అత్తమ్మ సలాం తిప్పి అదే దుఆ మొదలుపెట్టారు. చివర్లో ఆవిడ మాట వేరుగా వినిపించింది: అన్నీ కాదు, అన్నా.

"అన్నీ అంటే నన్ను. అన్నా అంటే మమ్మల్ని. ఇంటివాళ్లందరినీ కలుపుకుంటాను" అన్నారు.

ఇంటివాళ్లందరిలో మా తోటికోడలు కూడా ఉంది. బంగారం పంపకం దగ్గర మాట పడి, ఆవిడతో నేను మాట్లాడక అప్పటికి పద్నాలుగు నెలలు. అన్నా అనబోతే నాలుక తిరగలేదు. మళ్లీ అన్నీ అనే చదువుకున్నాను, చాలాసేపు.

సహ్రీ వేళకు, అత్తమ్మ పాలు కాస్తుండగా, ఒక్కసారి అన్నా అన్నాను. మెల్లిగా, నాకే వినపడేలా. పండగ రోజు షీర్ ఖుర్మా గిన్నె తీసుకుని ఆవిడ గుమ్మం దాకా వెళ్లాను. ఆవిడే తలుపు తీసింది.